వర్గం చేస్తే జారిపోయిన సాధనలు: ఒక అసమీకరణం, ఒక విద్యార్థిని

నేపథ్యం

ఈ కేస్‌లోని విద్యార్థిని ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతుండగా, వర్గ సమాసాల అధ్యాయం తరగతిలో పూర్తయిన తరువాత నా దగ్గరకు వచ్చింది. ఆమె ఊరు, కళాశాల, కుటుంబం వంటి వివరాలు ఇక్కడ అవసరం లేదు కాబట్టి వదిలేస్తున్నాను. చదువుకు సంబంధించినంత వరకు చెప్పవలసింది ఇంతే: కారణాంకాలుగా విడగొట్టడంలో ఆమె తప్పు చేయదు, వర్గ అసమీకరణం ఇస్తే మూలాలు కనుక్కొని, సంఖ్యారేఖ మీద గుర్తులు వేసి, సాధన సమితిని అంతరంగా సరిగ్గా రాయగలదు. వర్గమూలం కనబడగానే దాని లోపలి సమాసం సున్నా కంటే తక్కువ కాకూడదన్న నియమాన్ని మొదటి వరుసలోనే రాసిపెట్టే అలవాటు కూడా ఉంది. అంటే బీజగణితం రాని పిల్ల కాదు. అలాంటి విద్యార్థికి ఒకే రకం లెక్కలో పదే పదే తప్పు వస్తోందంటే, లోపం చేతిలో లేదు, ఆమె నమ్మి వాడుతున్న ఏదో ఒక సూత్రంలో ఉంది.

వచ్చిన సమస్య

“వర్గమూలం ఉన్న అసమీకరణాలు కొన్ని సరిపోతున్నాయి సార్, కొన్ని తప్పుతున్నాయి. అన్నీ ఒకేలా చేస్తున్నాను” అని ఆమె నోట్‌బుక్ తెరిచి చూపించింది. ఆ మాట అక్షరాలా నిజం. సరిపోయిన లెక్కల్లో ఒకటి √(3x − 6) > x − 2. ఇరువైపులా వర్గం చేసి, x² − 7x + 10 < 0 అని తెచ్చుకొని, 2 < x < 5 అని రాసింది. అది సరైన జవాబే. తప్పిన లెక్క పక్క పేజీలో ఇలా ఉంది:

√(x + 5) > x − 1
x + 5 > x² − 2x + 1
x² − 3x − 4 < 0
(x − 4)(x + 1) < 0
−1 < x < 4

దాని పైన “x ≥ −5” అని ముందే రాసుకొని, కింద “ఇది ప్రదేశంలోనే ఉంది కాబట్టి జవాబు (−1, 4)” అని ముగించింది. అసలు సాధన సమితి [−5, 4). ఆమె రాసిన అంతరంలోని ప్రతి సంఖ్యా ఇచ్చిన అసమీకరణాన్ని తృప్తిపరుస్తుంది, కానీ −5 నుంచి −1 వరకు ఉన్న ముక్క మొత్తం జవాబులోంచి జారిపోయింది.

ఇక్కడ నేను ముందుగా తేల్చుకోవలసింది ఆ ముక్క ఏ వరుసలో పోయిందన్నది. రెండో వరుస నుంచి అయిదో వరుస వరకు ప్రతి మెట్టూ పైకీ కిందికీ నిలుస్తుంది, అక్కడ ఏమీ పోవడానికి వీల్లేదు. ప్రదేశం కూడా సరిగ్గానే ఉంది. మిగిలింది మొదటి వరుస నుంచి రెండో వరుసకు వచ్చిన అడుగు ఒక్కటే. ఆ విషయం నేను చెప్పకుండా x = −4 ప్రతిక్షేపించి చూడమన్నాను. ఎడమవైపు √1, అంటే 1, కుడివైపు −5 వచ్చాయి. “1 > −5 నిజమే సార్. కానీ నా రెండో వరుసలో 1 > 25 వస్తోంది” అని ఆగింది. వెంటనే ఆమె చేసిన పని గమనించదగినది: వర్గం చేసిన అడుగును అనుమానించలేదు, −4 ప్రదేశంలో ఉందో లేదో మళ్లీ చూసుకుంది. ఉంది. తరువాత గణనలో ఏదో పొరపాటు చేశానేమోనన్నట్టు (x − 1)² విస్తరణను మళ్లీ చేసి చూసింది. ఇరువైపులా ఒకే పని చేస్తే సంబంధం చెడదన్న నమ్మకం ఆమెలో అంత గట్టిగా ఉంది.

మొదట చేసింది: ప్రతిక్షేపించి సరిచూడటం

ఆ నమ్మకం ఎక్కడ నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. సమీకరణాల్లో ఆమె ఇదే పని ఎన్నో సార్లు చేసింది. √(x + 5) = x − 1 ఇస్తే వర్గం చేసి 4, −1 అని రెండు విలువలు తెచ్చుకుంటుంది, −1ని ప్రతిక్షేపిస్తే 2 = −2 వస్తుంది కాబట్టి దాన్ని కొట్టేసి 4ని ఉంచుతుంది. వర్గం చేసిన తరువాత సరిచూసుకోవాలన్నది ఆమెకు తెలిసిన నియమమే. అందుకని మొదట ఆ తెలిసిన నియమాన్నే అసమీకరణాలకు విస్తరింపజేయడం సులువైన దారిగా కనిపించింది: వచ్చిన ప్రతి అంతరం నుంచి ఒక సంఖ్య తీసుకొని మూల అసమీకరణంలో పెట్టి చూడు, నిలవకపోతే ఆ అంతరాన్ని కొట్టేయి.

దీన్ని √(x + 5) < x − 1 మీద పెట్టినప్పుడు చక్కగా పనిచేసింది. వర్గం చేస్తే x² − 3x − 4 > 0 వస్తుంది, ప్రదేశంతో కలిపితే [−5, −1) ఒక ముక్క, (4, ∞) మరొక ముక్క. మొదటి ముక్క నుంచి −4 పెడితే 1 < −5 అబద్ధం కాబట్టి ఆ ముక్క పోయింది. రెండో ముక్క నుంచి 11 పెడితే 4 < 10 నిజం. జవాబు (4, ∞), అదే సరైనది. ఆమె ముఖంలో ధైర్యం వచ్చింది. కానీ అదే పద్ధతితో మొదటి లెక్కకు, అంటే ‘>’ ఉన్నదానికి తిరిగి వస్తే, (−1, 4) నుంచి ఏ సంఖ్య తీసుకున్నా నిలుస్తుంది, కొట్టేయడానికి ఏమీ దొరకదు, తప్పు జవాబు తప్పుగానే మిగిలిపోతుంది.

ఈ వైఫల్యానికి కారణాన్ని ఆమెతో కూర్చొని మాటల్లో పెట్టించాను, ఎందుకంటే ఈ కేస్ మొత్తం ఇక్కడే తిరుగుతుంది. సమీకరణంలో a = b అయితే a² = b² తప్పనిసరిగా అవుతుంది. కాబట్టి వర్గం చేసినప్పుడు నిజమైన మూలం ఎన్నటికీ పోదు, లేనిది వచ్చి చేరవచ్చు. చేరినదాన్ని ఏరివేయడానికి సరిచూడటం చాలు. అసమీకరణంలో a > b అయినంత మాత్రాన a² > b² కావాలని లేదు, a² > b² అయినంత మాత్రాన a > b కావాలనీ లేదు. రెండు దిక్కుల్లో ఏదీ నిలవదు కాబట్టి వర్గం చేసే అడుగులో కొన్ని కొత్తగా చేరనూ వచ్చు, కొన్ని పోనూ వచ్చు. సరిచూడటం జల్లెడ వంటిది: అందులో పడ్డ రాళ్లను వేరుచేస్తుంది కానీ, అందులో పోయకముందే కింద ఒలికిన గింజలను తెచ్చి పెట్టదు.

ఏ గుర్తుకు ఏ రకం తప్పు వస్తుందన్నది కూడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. వర్గమూలం ఎప్పుడూ ఋణాత్మకం కాదు. కుడివైపు ఋణాత్మకమైన చోట ‘వర్గమూలం > కుడివైపు’ అన్నది ఏ లెక్కా లేకుండానే నిజం. వర్గం చేస్తే ఆ నిజాన్ని అబద్ధంగా మార్చే ప్రమాదం ఉంది, సాధనలు పోతాయి. అదే చోట ‘వర్గమూలం < కుడివైపు’ అన్నది ఏ లెక్కా లేకుండానే అబద్ధం. వర్గం చేస్తే అబద్ధం నిజంగా మారవచ్చు, సాధన కానివి చేరతాయి.

రెండో ప్రయత్నం: గుర్తుల నియమాలు

అయితే వర్గం చేసే ముందే గుర్తులు చూడాలన్నది తేలింది. అందుకు సహజమైన మార్గం వర్గ ప్రమేయం నడకను చూడటం. సున్నా నుంచి కుడికి వెళ్తుంటే x² పెరుగుతుంది, ఋణ సంఖ్యల మీద ఎడమ నుంచి సున్నా వైపు వస్తుంటే తగ్గుతుంది. కాబట్టి ఇరువైపులా ఉన్నవి రెండూ సున్నా గానీ ధనాత్మకం గానీ అయితే a > b, a² > b² రెండూ ఒకటే, ఒకటి నిజమైతే రెండోదీ నిజం. రెండూ సున్నా గానీ ఋణాత్మకం గానీ అయితే అసమీకరణం గుర్తు తిరగబడుతుంది: −2 > −3, కానీ 4 < 9. గుర్తులు కలగలిసి ఉంటే ఏ నియమమూ లేదు. దానికి ఆమె చేతే మూడు ప్రత్యుదాహరణలు రాయించాను. 3 > −2 తీసుకుంటే 9 > 4, దిశ అలాగే ఉంది. 2 > −3 తీసుకుంటే 4 < 9, దిశ తిరగబడింది. 2 > −2 తీసుకుంటే 4 = 4, అసమానతే మాయమైంది. మూడింటిలోనూ ఎడమవైపు ధనం, కుడివైపు ఋణం, ఎడమవైపే పెద్దది, కానీ వర్గాల సంగతి మూడు విధాలు.

(ఘనం చేసేటప్పుడు ఈ బాధ లేదు. x³ సంఖ్యారేఖ అంతటా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఘనం ఎక్కడైనా చేయవచ్చు. తప్పు ‘ఇరువైపులా ఒకే పని చేయడం’లో లేదని, ఆ పని చేసే ప్రమేయం నడకలో ఉందని చూపడానికి ఈ పోలిక ఉపయోగపడింది.)

ఆమె నియమాలను ఒక్క పూటలో అప్పజెప్పింది. తరువాత ఇచ్చిన లెక్కల్లో మళ్లీ తప్పులు వచ్చాయి. వాటి మూలం రెండు చోట్ల ఉంది. మొదటిది, సమాసం గుర్తును దాని రూపం చూసి నిర్ణయించడం. x − 1 ముందు ఋణ గుర్తు లేదు కాబట్టి ధనం, −x + 1 ముందు ఉంది కాబట్టి ఋణం అని ఆమె మార్జిన్‌లో రాసుకుంది. ఇది చాలామందిలో ఉన్న పొరపాటే కానీ, x − 4 కారణాంకం గుర్తును సంఖ్యారేఖ మీద అంత చక్కగా మార్చి రాయగల విద్యార్థిలో కూడా ఉండటం నన్ను ఆశ్చర్యపరిచింది. అధ్యాయం మారితే అలవాటు కూడా మారిపోతుందన్నమాట.

రెండోది మరింత సూక్ష్మమైనది. గుర్తులు కలిసిన చోట ప్రమాదం ఉందని విన్నాక ఆమె తనంతట తానే x = 0 పెట్టి పరీక్షించింది. √5 > −1, వర్గం చేస్తే 5 > 1. ఎడమ ధనం, కుడి ఋణం, అయినా దిశ చెడలేదు. కాబట్టి ఈ లెక్కలో గుర్తులు కలిసినా ఫర్వాలేదని తీర్మానించి, మళ్లీ (−1, 4) దగ్గరే ఆగింది. ఆమె పరీక్షించాలనుకోవడం మంచి పద్ధతి, ఎంచుకున్న సంఖ్య మాత్రం ఆమెను మోసం చేసింది. −5 నుంచి 1 వరకు కుడివైపు ఋణమే అయినా, ఆ మొత్తంలో −1 దాటిన భాగంలో వర్గం చేయడం హాని చేయదు, −1 వరకు ఉన్న భాగంలోనే చేస్తుంది. ‘గుర్తులు కలిస్తే నియమం లేదు’ అన్న వాక్యం నిజమే గానీ, ఎక్కడ చెడుతుందో ఎక్కడ చెడదో అది చెప్పదు. ఆమెకు కావలసింది ఆ గీత ఎక్కడ ఉందో చూపే కారణం.

పనిచేసింది: ఒకే వరుసకు దారితీసే రెండు ప్రశ్నలు

తరువాతి లెక్కను చాలా ఆలోచించి ఎంచాను. కొత్త సంఖ్యలు ఇస్తే కొత్త గణనల్లో మునిగిపోతుంది కాబట్టి సంఖ్యలు మార్చకుండా కుడివైపును మాత్రం తిరగేసి √(x + 5) > 1 − x ఇచ్చాను. ఆమె వర్గం చేసింది. రెండో వరుస x + 5 > x² − 2x + 1. అక్కడ కలం ఆపి వెనక పేజీ తిప్పింది. “ఇది ఇంతకు ముందు చేసిందే కదా సార్, జవాబు కూడా అదే వస్తుంది” అంది. రెండు ప్రశ్నల జవాబూ ఒకటే కాగలదా అని అడిగి, x = 11 పెట్టమన్నాను. మొదటి ప్రశ్నలో 4 > 10 అబద్ధం. రెండో ప్రశ్నలో 4 > −10 నిజం. కొంచెం సేపు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకొని చూసి, “వర్గం చేశాక అది x − 1 అయి ఉండేదో 1 − x అయి ఉండేదో తెలియదు” అని తనే చెప్పింది.

నేను అంతవరకు నియమాలుగా చెప్పినదంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. వర్గం చేసిన వరుస √(x + 5)ను x − 1తో పోల్చదు, దాని పరమ మూల్యమైన |x − 1|తో పోలుస్తుంది. √(x + 5) > |x − 1| కావాలంటే √(x + 5) అటు x − 1 కంటే, ఇటు 1 − x కంటే కూడా పెద్దది కావాలి. మొదటి ప్రశ్న సాధన [−5, 4), రెండో ప్రశ్న సాధన (−1, ∞), ఆ రెండింటి ఛేదనం (−1, 4). ఆమె మొదటి నుంచీ రాస్తున్న అంతరం సరిగ్గా అదే. అంటే ఆమె తప్పు లెక్క చేయలేదు, తనను అడగని మూడో ప్రశ్నకు సరైన జవాబు రాస్తూ వచ్చింది. ఈ మాట విన్నప్పుడు ఆమె కంటే ఎక్కువగా నాకే ఈ కేస్ స్పష్టమైందని చెప్పాలి.

గీత −1 దగ్గరే ఎందుకు ఉందన్నది ఇప్పుడు చూపవచ్చు. a² − b² = (a − b)(a + b) అన్నది తొమ్మిదో తరగతి నుంచి ఆమెకు తెలిసిన సర్వసమీకరణమే. a > b అయితే a − b ధనం. కాబట్టి a² − b² గుర్తును నిర్ణయించేది a + b ఒక్కటే. మొత్తం ధనమైతే దిశ నిలుస్తుంది, ఋణమైతే తిరగబడుతుంది, సున్నా అయితే వర్గాలు సమానమవుతాయి. ముందు రాసిన మూడు ప్రత్యుదాహరణలకు తిరిగి వెళ్లి మొత్తాలు వేయించాను: 3 + (−2) = 1, 2 + (−3) = −1, 2 + (−2) = 0. మూడు రకాల ఫలితాలకూ కారణం ఒక్క చోట దొరికింది. ‘రెండూ ధనమైతే నిలుస్తుంది, రెండూ ఋణమైతే తిరుగుతుంది’ అన్న నియమాలు కూడా ఇందులోంచే వస్తాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవలసిన పని లేదు.

మన లెక్కలో a + b అంటే √(x + 5) + x − 1. x పెరిగే కొద్దీ ఇది పెరుగుతుంది. x = −1 దగ్గర 2 + (−2), అంటే సున్నా. కాబట్టి −1కి కుడివైపున మొత్తం ధనం, ఎడమవైపున −5 వరకు ఋణం. పోయిన ముక్క [−5, −1] ఆ మొత్తం సున్నా లేదా ఋణమైన చోటుతో అణువంత తేడా లేకుండా కలిసింది. x = −1 కూడా ఎందుకు పోయిందో కూడా ఇక్కడ తెలుస్తుంది: 2 > −2 నిజం, 4 > 4 అబద్ధం. x = 0 ఎందుకు మోసం చేసిందో అడిగితే, “√5 − 1 ధనం కదా సార్” అని జవాబు వచ్చింది.

ఒక మలుపు, దాని పరిమితి

ఇంత అందంగా కుదిరిన సూత్రాన్ని ఆమె వెంటనే సాధన పద్ధతిగా మార్చుకోబోయింది. తరువాతి లెక్కలో ముందుగా a + b > 0 ఎక్కడో కనుక్కుందామని √(x + 7) + x − 5 > 0 అని రాసి, √(x + 7) > 5 − x అని మార్చి, మళ్లీ వర్గం చేయబోయి ఆగింది. ఎక్కడ బయలుదేరిందో అక్కడికే వచ్చింది. పై లెక్కలో మొత్తం ఒకే దిశలో పెరుగుతుందని, −1 దగ్గర సున్నా అవుతుందని చూడగలిగాం కాబట్టి గండం గడిచింది. ప్రతిసారీ అలా కుదరదు. a + b అన్నది ఏం జరిగిందో వివరించడానికి పనికొస్తుంది, లెక్క చేయడానికి అంతకంటే సులువైన దారి వేరే ఉంది.

ఆ దారి కుడివైపు గుర్తును బట్టి విడగొట్టడం. a, b రెండింటి గుర్తులూ విడివిడిగా తెలిస్తే మొత్తం గుర్తు గురించి బెంగపడనవసరం లేదు. √(x + 7) > x − 5 తీసుకుంటే ప్రదేశం x ≥ −7. x < 5 అయినప్పుడు కుడివైపు ఋణం, ఎడమవైపు సున్నా గానీ ధనం గానీ, కాబట్టి వర్గం చేయకుండానే −7 ≤ x < 5 అంతా సాధనే. x ≥ 5 అయినప్పుడు రెండు వైపులా ఋణేతరం, వర్గం చేయవచ్చు: x + 7 > x² − 10x + 25, అంటే x² − 11x + 18 < 0, అంటే 2 < x < 9. ఈ భాగంలో x ≥ 5 కూడా ఉండాలి కాబట్టి 5 ≤ x < 9. రెండు ముక్కలూ కలిపి [−7, 9). గుర్తు ‘<’ అయితే మొదటి ముక్క మొత్తం వదిలేయాలి, రెండో ముక్కలోనే పని.

వర్గం చేయకుండానే తేలిపోయే ముక్క ఉంటుందన్న విషయం ఆమెకు అలవాటు కావడానికి సమయం పట్టింది. లెక్క అంటే గణన ఉండాలన్న భావన వల్ల కాబోలు, మొదట్లో ఆ ముక్కను రాసి కూడా చివరి జవాబులో కలపడం మరిచిపోయేది. అందుకే కొన్నాళ్లపాటు రెండు ముక్కలనూ పేజీలో నిలువు గీత గీసి రెండు పక్కల రాయమన్నాను, చివరి వరుసను మాత్రం గీతకు అడ్డంగా రాయాలి. అలా రాస్తే ఒక పక్క మరిచిపోవడం కంటికి తెలుస్తుంది.

నేర్చుకున్నది నిలిచిందా

ఇదే రూపంలోని లెక్కలు చేయగలగడం ఒక ఎత్తు, రూపం మారినప్పుడు అదే కారణాన్ని గుర్తుపట్టడం మరొక ఎత్తు. అందుకే తరువాత వర్గమూలం లేని లెక్క ఇచ్చాను: |x − 1| > 2x + 1. నేరుగా వర్గం చేస్తే 3x² + 6x < 0, అంటే −2 < x < 0 వస్తుంది. ఆమె ఆ దారిన వెళ్లలేదు. 2x + 1 ఋణమైన చోట, అంటే x < −1/2 అయితే అసమీకరణం దానంతట అదే నిజమని రాసి, మిగిలిన చోట మాత్రం వర్గం చేసి −1/2 ≤ x < 0 తెచ్చుకొని, x < 0 అని ముగించింది. మాడ్యులస్ కూడా వర్గమూలం లాగే ఎప్పుడూ ఋణం కాదన్నది తనే పట్టుకుంది. రెండు వైపులా మాడ్యులస్ ఉంటే, ఉదాహరణకు |2x − 1| < |x + 3| అయితే, విడగొట్టనవసరమే లేదని, నేరుగా వర్గం చేయవచ్చని కూడా కారణంతో చెప్పింది.

చివరిగా ఇచ్చినది √x − √(5 − x) > 1. ప్రదేశం 0 నుంచి 5 వరకు. ఇందులో ఎడమవైపు వర్గమూలాలు కనిపించినా అది రెండింటి తేడా, కాబట్టి దాని గుర్తు ముందుగా తెలియదు. వర్గమూలం చూడగానే ‘ఋణేతరం’ అని రాసేసే విద్యార్థిని పట్టుకోవడానికే ఈ లెక్క. అలాగే వర్గం చేస్తే [0, 1), (4, 5] అని రెండు ముక్కలు వస్తాయి, అందులో మొదటిది అబద్ధం: x = 0 పెడితే −√5 > 1 కాదు, కానీ 5 > 1 నిజం. ఆమె √(5 − x)ను కుడివైపుకు పంపి √x > 1 + √(5 − x) అని రాసింది. ఇప్పుడు రెండు వైపులా ఋణం కావు, వర్గం చేయడం నిశ్చింతగా చెల్లుతుంది. సరళం చేస్తే x − 3 > √(5 − x). ఇక్కడ రెండోసారి వర్గం చేసే ముందు ఆగి, x − 3 > 0 కావాలని పక్కన రాసుకుంది. x² − 5x + 4 > 0 నుంచి x < 1 లేదా x > 4 వచ్చినప్పుడు, x > 3 షరతు వల్ల x < 1 పోయింది, మిగిలింది (4, 5]. ఒకసారి వర్గం చేయడం చెల్లినంత మాత్రాన అదే లెక్కలో రెండోసారి కూడా చెల్లుతుందని అనుకోకపోవడం నాకు బాగా నచ్చింది.

ఈ కేస్ నుంచి నా పాఠాల్లో మారినది

లెక్కలు ఎంచే తీరు మొదట మారింది. ఆమె నోట్‌బుక్‌లో సరిపోయిన √(3x − 6) > x − 2 లాంటివి ఈ లోపాన్ని దాచిపెడతాయి. అక్కడ ప్రదేశం x ≥ 2 కాగానే కుడివైపు కూడా ఋణేతరం అయిపోతుంది, కాబట్టి ఆలోచించి వర్గం చేసిన విద్యార్థికీ, ఆలోచించకుండా చేసిన విద్యార్థికీ జవాబు ఒకటే వస్తుంది. అలాంటి లెక్కలు వరసగా నాలుగు ఇస్తే తప్పు పద్ధతి మరింత గట్టిపడుతుంది. ఇప్పుడు మొదటి లెక్కగానే కుడివైపు ప్రదేశంలో గుర్తు మార్చుకొనేదాన్ని ఇస్తున్నాను. దాని వెంటనే దాని జోడీని, అంటే కుడివైపు తిరగేసినదాన్ని ఇస్తున్నాను.

రెండోది, పరీక్షలో తప్పును త్వరగా పట్టుకొనే ఒక ఉపాయం: ప్రదేశం మొదలయ్యే సంఖ్యను ప్రతిక్షేపించి చూడటం. అక్కడ వర్గమూలం సున్నా. √(x + 5) > x − 1లో x = −5 పెడితే 0 > −6 నిజం, కానీ (−1, 4) అన్న జవాబులో −5 లేదు, తప్పు వెంటనే బయటపడుతుంది. నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నల్లో చాలామంది పెట్టి చూసే 0, 1, 2 వంటి సంఖ్యలు ఈ తప్పును పట్టుకోలేవు, అవన్నీ తప్పు జవాబులోనూ ఒప్పు జవాబులోనూ ఉంటాయి. వర్గమూలం లోపల x గుణకం ధనమై, కుడివైపు x పెరిగే కొద్దీ పెరిగే ఏకఘాత సమాసం అయినప్పుడు ఈ పరీక్ష పూర్తిగా నమ్మదగినది: మొదటి సంఖ్య దగ్గర కుడివైపు ఋణం కాకపోతే ఆపై ఎక్కడా కాదు.

కుడివైపు తగ్గుతూ పోయేదైతే ఈ ఉపాయం పనికిరాదు. √(x + 5) > 1 − xలో x = −5 పెడితే 0 > 6 అబద్ధం, (−1, 4) అన్న తప్పు జవాబు కూడా −5ను వదిలేసింది కాబట్టి అనుమానం రాదు. ఈసారి పోయిన ముక్క [4, ∞), ప్రదేశానికి అవతలి కొసన ఉంది. దాన్ని పట్టుకోవాలంటే 11 లాంటి పెద్ద సంఖ్యనొకటి పెట్టాలి.